ఫిషింగ్ మెయిల్ రిపోర్ట్ చేసేటప్పుడు మామూలు ఫార్వర్డ్ ఎందుకు చాలదు

ప్రశ్న: ఆఫీసు మెయిల్‌కి అనుమానంగా ఉన్న మెయిల్ ఒకటి వచ్చింది. ఐటీ సెక్యూరిటీ వాళ్లకి ఫార్వర్డ్ చేస్తే సరిపోతుందా, ఇంకేమైనా రాయాలా?

సరిపోదండి. నేనూ మొదట ఫార్వర్డే చేశాను.

ఒక జూన్‌లో మా పేరోల్ పేరుతో "మీ ఫారం 16 సిద్ధం" అని మెయిల్ వచ్చింది. ఆ నెలలో అందరం దానికోసమే చూస్తుంటాం కాబట్టి వెంటనే లింకు నొక్కాను. పాస్‌వర్డ్ కొట్టాను, ఫోన్‌కి వచ్చిన అప్రూవల్ కూడా ఓకే చేశాను. ఖాళీ పేజీ వచ్చింది. అప్పుడు అడ్రస్ బార్ చూస్తే మా కంపెనీ పేరులో ఒక అక్షరం తేడా.

మెయిల్ ఫార్వర్డ్ చేశాక సెక్యూరిటీ టీమ్ అబ్బాయి ఫోన్ చేశాడు. "మేడం, ఇందులో పంపింది మీరే అని ఉంది. నాకు ఒరిజినల్ కావాలి" అన్నాడు. మెయిల్ ఏ సర్వర్ నుంచి బయల్దేరిందో, పంపినవాళ్ల డొమైన్ నిజమేనా అని చూసే SPF, DKIM పరీక్షల్లో పాసయిందో లేదో అంతా హెడర్లలో, అంటే మెయిల్‌తో పాటు వచ్చే మనకి కనపడని వివరాల్లో ఉంటుంది. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అది కొత్త మెయిల్ అవుతుంది, పాత హెడర్లు దాంతో వెళ్లవు. స్క్రీన్‌షాట్‌లోనూ అవి ఉండవు.

అందుకని మెయిల్‌ని అటాచ్‌మెంట్‌గా పంపండి. జీమెయిల్‌లో అయితే మెయిల్ తెరిచి మూడు చుక్కలు నొక్కి Download message అంటే .eml ఫైల్ వస్తుంది. అవుట్‌లుక్‌లో Forward as Attachment ఉంటుంది. మీ ఆఫీసు వాళ్లు రిపోర్ట్ బటన్ పెట్టి ఉంటే అదే వాడండి. వాళ్లు చెప్పేదాకా మెయిల్ డిలీట్ చేయకండి.

ఇక రాయాల్సింది మీరేం చేశారన్నది. ఒరిజినల్‌ని రెండోసారి పంపినప్పుడు నేను ఇలా రాశాను: "10:40కి మెయిల్ చూశాను. 10:42కి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో లింకు తెరిచాను. పాస్‌వర్డ్ ఇచ్చాను, ఫోన్ అప్రూవల్ ఓకే చేశాను. ఏ ఫైలూ డౌన్‌లోడ్ చేయలేదు. మా టీమ్‌లో ఇంకో ఇద్దరికి ఇదే మెయిల్ వచ్చింది." టైమ్ ఉంటే లాగ్‌లలో ఎక్కడ వెతకాలో వాళ్లకి తెలుస్తుంది. అప్రూవల్ సంగతి చెప్పడానికి నాకు చాలా మొహమాటం వేసింది. కానీ వాళ్లకి అన్నిటికంటే పనికొచ్చింది అదే. ఓకే నొక్కగానే అవతలివాడు నా పేరుతో లాగిన్ అయిపోయాడు. అలాంటప్పుడు పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే వాడు లోపలే ఉండిపోవచ్చు, అన్ని సెషన్లనూ సైన్ అవుట్ చేయించాలి.

మీరు లింకు నొక్కకపోతే ఆ ముక్కే రాయండి, చాలు. పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే మాత్రం ముందు ఫోన్ చేయండి, మెయిల్ తర్వాత. నా మెయిల్‌బాక్స్‌లో వాడు అప్పటికే ఒక రూల్ పెట్టాడు: సబ్జెక్ట్‌లో "phishing" అని ఉంటే ఆ మెయిల్ ఇన్‌బాక్స్‌లో కనపడకుండా RSS Feeds అనే ఫోల్డర్‌లోకి వెళ్లిపోవాలని. ఆ అబ్బాయి ఫోన్ చేసే ముందు పంపిన రెండు మెయిళ్లూ అందులోనే దొరికాయి.