ఉంచుకున్న సందేశంపై చివరి మాట పంపినవారిదే

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు 7 రోజులకు మాయమయ్యేలా పెట్టారు. ముఖ్యమైనవి పోకుండా ఉంచుకోవచ్చా? ఎవరైనా ఉంచవచ్చా?

ఉంచవచ్చు. మెసేజ్‌ను నొక్కి పట్టుకుంటే బుక్‌మార్క్ గుర్తు కనిపిస్తుంది, దాన్ని తాకితే చాలు. మీ ఒక్కరికే కాదు, ఆ చాట్‌లో ఉన్న అందరికీ అది నిలిచిపోతుంది. గ్రూపులో మాత్రం పగ్గాలు అడ్మిన్ల దగ్గరే ఉంటాయి. గ్రూపు సెట్టింగులు మార్చే అనుమతిని వాళ్లు తమకే పరిమితం చేసుకుంటే, మెసేజ్ ఉంచే వీలు కూడా వాళ్లకే ఉంటుంది. పేరు, ఫొటో, టైమరు, ఈ వీలు అన్నీ ఆ ఒక్క అనుమతి కిందికే వస్తాయి. మీకు బుక్‌మార్క్ గుర్తు కనిపించకపోతే ముందు అడ్మిన్‌ను అడగండి.

అసలు సంగతి వేరే ఉంది. మీరు ఉంచిన మెసేజ్‌ను, పంపిన మనిషి తీసేయవచ్చు. హైదరాబాద్‌లో మా తమ్ముడు అద్దె ఇల్లు ఖాళీ చేస్తుంటే, ఓనరు "రంగులకు ఏమీ కోయను, అడ్వాన్సు మొత్తం ఇస్తాను" అని మెసేజ్ పెట్టాడు. వాళ్ల చాట్‌లో 7 రోజుల టైమరు ఉంది, పెట్టింది ఓనరే. ఇద్దరి చాట్‌లో ఎవరైనా టైమరు పెట్టవచ్చు, అవతలివారి ఒప్పుకోలు అక్కర్లేదు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు. తమ్ముడు ఆ రాత్రే మెసేజ్‌ను ఉంచాడు. ఉంచినట్టు పంపినవారికి తెలుస్తుంది కాబట్టి ఓనరు వెంటనే దాన్ని రద్దు చేశాడు. పంపినవారు ఒకసారి రద్దు చేశాక ఆ మెసేజ్‌ను ఇంకెవరూ మళ్లీ ఉంచలేరు. వారం తిరిగేసరికి అది పోయింది. నక్షత్రం గుర్తు పెట్టినా ఆగేది కాదు.

అయితే తమ్ముడు గడువులోపే ఆ మెసేజ్‌ను టైమరు లేని మా ఇంటి గ్రూపుకు ఫార్వర్డ్ చేశాడు. అలా చేరిన కాపీ అక్కడ మాయం కాదు, దాని మీద ఓనరుకు ఏ హక్కూ లేదు. తారీఖు, పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ కూడా తీసుకున్నాడు. అవి చూపించాకే అడ్వాన్సు చేతికొచ్చింది.

పంపినవారికి ఈ హక్కు ఉండటం న్యాయమే. తన మాటలు ఎంతకాలం ఉండాలో చెప్పే వీలు మనిషికి ఉండాలి. కానీ డబ్బు సంగతుల్లో ఈ బుక్‌మార్క్‌ను నమ్ముకోవద్దు. మీ గ్రూపులో మెయింటెనెన్స్ లెక్కలు, మీటింగు తీర్మానాలు వచ్చిన రోజే టైమరు లేని చోటికి పంపుకోండి. అంతకన్నా మంచిది, ఆ గ్రూపులో టైమరే తీసేయమని అడ్మిన్లను అడగండి. తీసేసినా ఇప్పటికే టైమరుతో వచ్చిన మెసేజ్‌లు గడువుకు పోతాయి. కాబట్టి కావలసినవి ముందే ఏరి పెట్టుకోండి.