మత్తడి దుంకిన ఫోటో కింద ఏం అడగాలి?

"మాది నకిరేకల్ దగ్గర పల్లె. ఊరి పేరు మీద ఫేస్‌బుక్ పేజీ నడుపుతున్నా. ప్రతి పోస్టు చివర 'మీరేమంటారు? కామెంట్ చేయండి' అని పెడితే ఎవరూ రాయట్లేదు. 'ఊరి మీద ప్రేమ ఉంటే లైక్ కొట్టండి' అంటే లైకులు వస్తున్నాయి గానీ నాకే చీప్‌గా అనిపిస్తోంది. రేపు మా చెరువు మత్తడి దుంకుతున్న ఫోటో పెట్టాలి. కింద ఏం అడగమంటారు?"

నేను మహబూబ్‌నగర్‌లో మా స్కూలు పాత విద్యార్థుల పేజీ చూసుకుంటాను. మీరు ఇప్పుడు చేస్తున్న రెండు తప్పులూ నేను చేసినవే, అదీ ఒకే ఫోటోతో. అందుకే ఆ ఫోటో సంగతి ముందు చెప్తాను.

అది పిల్లలమర్రి కింద మా బ్యాచ్ నిలబడి దిగిన బ్లాక్ అండ్ వైట్ ఫోటో. మొదటిసారి పెట్టినప్పుడు ఇలా రాశాను: "ఏడు వందల ఏళ్ల మర్రి, మన పాలమూరు గర్వం! గర్వపడేవాళ్లు లైక్ కొట్టండి, అసలైన పాలమూరు బిడ్డయితే షేర్ చేయండి." లైకులు బాగానే వచ్చాయి. కామెంట్లలో "జై పాలమూరు", "సూపర్", దండాలు పెట్టే బొమ్మలు. ఇరవై కామెంట్లు చదివినా ఎవరి గురించీ ఒక్క ముక్క తెలియలేదు. పైగా హైదరాబాద్‌లో స్థిరపడ్డ మా క్లాస్‌మేట్ ఫోన్ చేసి "షేర్ చేయకపోతే నేను పాలమూరోన్ని కాదా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ తగలాల్సిన చోటే తగిలింది.

ఇలాంటి వాటిని ఫేస్‌బుక్ కూడా వెనక్కి నెడుతుంది. 2017 డిసెంబర్‌లోనే ఆ సంగతి ప్రకటించారు. లైకులు, కామెంట్లు, షేర్లు అడుక్కోవడం, స్నేహితులను ట్యాగ్ చేయమనడం, లైకో లవ్వో నొక్కి ఓటు వేయమనడం, ఈ ఐదు రకాల పోస్టులను తక్కువ మందికి చూపిస్తామన్నారు. అయితే సాయం, సలహా, సిఫార్సులు నిజంగా అడిగే పోస్టులకు ఇబ్బంది ఉండదని కూడా అప్పుడే చెప్పారు. అంటే ప్రశ్న అడగడం తప్పేమీ కాదు. జవాబుతో పని లేకుండా కామెంట్ల లెక్క పెంచుకోవడానికి అడగడమే తప్పు.

రెండోసారి బుద్ధిగా "పిల్లలమర్రితో మీ జ్ఞాపకాలు పంచుకోండి" అని పెట్టాను. అదీ పండలేదు. ఇది మీ "మీరేమంటారు" లాంటిదే. అడిగితే మర్యాదగానే ఉంటుంది, జవాబు చెప్పేవాడికి మాత్రం పెద్ద బరువు. బస్సులో నిలబడి ఫోన్ చూస్తున్న మనిషి తన చిన్నతనమంతా తవ్వుకుని, అందులో ఏది చెప్పాలో తేల్చుకుని, టైపు చేయాలి. "మస్తు జ్ఞాపకాలున్నయి అన్నా" అని రాసి పైకి జరిపేస్తాడు.

మూడోసారి ముందు ప్రశ్న రాసుకున్నాను, ఆ తర్వాతే పైన మాటలు. ఆ ఫోటో చూస్తుంటే నాకే ఒక అనుమానం వచ్చింది. మేమంతా చెప్పులు చేతుల్లో పట్టుకుని ఉన్నాం. టౌన్ నుంచి అక్కడికి దాదాపు 4 కిలోమీటర్లు. మమ్మల్ని నడిపించే తీసుకుపోయారా? నాకు బొత్తిగా గుర్తు లేదు. అదే అడిగాను:

"ఏడో తరగతిలో పిల్లలమర్రికి పోయిన రోజు ఇది. అందరి చెప్పులూ చేతుల్లో ఎందుకున్నాయో నాకు గుర్తు రావట్లేదు. ఆ రోజు మనల్ని నడిపించుకుంటూ తీసుకుపోయారా, ఏదైనా బండి ఎక్కించారా?"

నడిచామని ఒకరు, ట్రాక్టర్ ట్రాలీలో పోయామని ఇంకొకరు. ట్రాక్టర్ మన తర్వాతి బ్యాచ్‌ది అని మూడో ఆయన. దారిలో చెప్పు తెగిందని ఒకావిడ, ఆ చెప్పు పిన్నీసుతో కుట్టింది తనేనని ఇంకొకావిడ. పదిహేను కామెంట్లే, కానీ దాదాపు అందరూ నాకు కాదు, ఒకరికొకరు జవాబు చెప్పుకున్నారు. ప్రశ్న పనిచేసిందో లేదో నేను దీన్ని బట్టే చూస్తాను. లెక్క కాదు, కామెంటు కింద కామెంటు పడిందా అని.

మధ్యలో ఒక పొరపాటూ జరిగింది. ఆత్రంగా చివర "సద్దిలో ఏం తెచ్చుకున్నారు?" అని కలిపేశాను. మొదటి గంటంతా పులిహోర, పల్లీల చట్నీ గురించే. నేను తెలుసుకోవాలనుకున్నది పక్కకు పోయింది. రెండు ప్రశ్నలుంటే జనం తేలికదాన్నే పట్టుకుంటారు. ఆ మాట తీసేశాక అసలు సంగతి మొదలైంది. సద్ది ప్రశ్నతో తర్వాత ఇంకో పోస్టు పెట్టాను, అది వేరే కథ.

ఇప్పుడు మీ చెరువు సంగతి. "మన చెరువు నిండింది, మీకు సంతోషమేనా?" అని మాత్రం అడగకండి. చెరువు నిండితే ఏడ్చేవాడెవడు? జవాబు ముందే తెలిసిన ప్రశ్నకు "అవును" తప్ప ఇంకేం రాదు. "చెరువు నిండడానికి కారణం ఎవరు?" అని అసలే వద్దు, సాయంత్రానికి రెండు పార్టీల వాళ్లు మీ పేజీలో కొట్టుకుంటారు. పూడిక, శిఖం భూముల ఆక్రమణ లాంటివి అడగాల్సినవే కానీ, పొరుగువాడి పేరు రాయాల్సి వచ్చే ప్రశ్న ఫోటో కింద వేసేది కాదు.

మీకు నిజంగా తెలియనిది ఏమిటో వెతకండి. నేనైతే ఇలా రాస్తాను:

"నిన్న రాత్రి మన చెరువు మత్తడి దుంకింది. పొద్దున ఆరింటికి తీసిన ఫోటో. నాకు ఊహ తెలిశాక చూడడం ఇది రెండోసారి. మా నాయన మాత్రం, తన చిన్నప్పుడు మత్తడి కింద చేపలు పట్టినమంటడు. మీకు గుర్తున్నంతలో ఇంతకు ముందు మత్తడి ఎప్పుడు దుంకింది?"

రెండోసారా, మూడోసారా అన్నది, మీ నాయన మాట, మీ ఇంట్లో ఉన్న నిజాన్ని బట్టి మార్చుకోండి. లేనిది కల్పిస్తే ఊరోళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఇందులో ఏం జరుగుతుందో చూడండి. మీరు ముందు మీ సంగతి చెప్పుకున్నారు కాబట్టి ఎదుటివాళ్లకు మొహమాటం ఉండదు. జవాబు ఒక్క ఏడాది అంకెతో అయిపోవచ్చు, కానీ అక్కడ ఆగదు. మన పల్లెల్లో ఏడాదిని అంకెతో గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ. "మా పెద్దోడు పుట్టిన ఏడు", "మా అక్క పెండ్లికి నీళ్లు దాటుకుంట పోయినం" అంటారు. అంకె అడిగితే కథ వస్తుంది. ముంబైలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లు కూడా రాయగలరు, ఎందుకంటే ఇప్పటి చెరువు చూడకపోయినా అప్పటిది చూశారు.

పొడుగు ఇంతకు మించనీయకండి. ఫోన్‌లో పైన కొన్ని లైన్లే కనిపిస్తాయి, మిగతాది "See more" వెనక్కి పోతుంది. చివర్లో ఉన్న ప్రశ్న అందులో మునిగితే ఎవరూ చూడరు. చెరువు చరిత్ర అంతా రాయాలనిపిస్తే మొదటి కామెంట్‌లో మీరే రాయండి.

పోస్టు పెట్టి ఫోన్ పక్కన పడేయకండి. మొదటి ఒకటి రెండు గంటలు అక్కడే ఉండండి. "థ్యాంక్స్ అన్నా" అనే జవాబు వృథా. ఎవరైనా ఒక ఏడాది చెప్తే "అప్పుడు మత్తడి మీదుగా ఊళ్లోకి దారి ఉండేదా?" అని ఇంకో అడుగు వేయండి. ఇద్దరు వేర్వేరు ఏళ్లు చెప్తే తేల్చడానికి తొందరపడకండి, పెద్దమనుషులెవరో వచ్చి వాళ్లే తేలుస్తారు. చదువు రాని ముసలివాళ్ల దగ్గరికి మనవడు ఫోన్ పట్టుకుపోయి అడిగి రాయడం మా పేజీలో రెండుసార్లు జరిగింది.

వారం తర్వాత వచ్చిన ఏళ్లన్నీ వరసగా రాసి, ఎవరు చెప్పారో పక్కన పెట్టి, వాళ్ల అనుమతితోనే ఇంకో పోస్టు వేయండి. మేము ట్రాక్టరా, నడకా అన్నది అలాగే వేశాం. ఇంకా తేలలేదు.