పోషకాహార నోట్సులో ‘కె’ అని రాయవచ్చా?

“శ్రీకాకుళం ఆసుపత్రిలో డైటీషియన్ శిక్షణలో ఉన్నాను. నోట్సులో పొట్టి అక్షరాలు ఎంతవరకు వాడవచ్చు? తప్పు రాస్తే ఎలా దిద్దాలి?”

మీ ఆసుపత్రి ఆమోదించిన జాబితాలో ఉన్నవే వాడండి. రెండు అర్థాలకు తావున్న చోట పూర్తి పదమే రాయండి. ఉద్దానం నుంచి వచ్చిన, డయాలసిస్ అవసరం లేని 50 కిలోల కిడ్నీ రోగి నోట్సులో ‘కె తగ్గించాలి’ అని ఉంటే, రాసినవారి ఉద్దేశం పొటాషియం అయినా, చదివేవారు విటమిన్ కె అనో కిలోక్యాలరీలనో అనుకునే ప్రమాదం ఉంది. విటమిన్ డి మోతాదుకు రాసే ‘ఐయూ’ చేతిరాతలో ‘ఐవీ’గా కనిపిస్తుంది కనుక ‘అంతర్జాతీయ యూనిట్లు’ అని రాయడమే నయం. అంకెల్లో ‘.8’ అంటే చుక్క కనబడక 8 అవుతుంది, ‘5.0’ 50 అవుతుంది, అందుకే ‘0.8’, ‘5’ అని రాయాలి.

ఇదే రోగికి కిలోకు 0.8 గ్రాముల లెక్కన ప్రోటీన్ రోజుకు 40 గ్రాములు రావాలి. పొరపాటున 60 అని రాశారనుకోండి. దానిపై అడ్డంగా ఒకే గీత గీయండి, కింది అంకె చదవగలిగేలా ఉండాలి; పక్కన ‘తప్పు నమోదు’ అని, సరైన 40, తేదీ, సమయం, సంతకం చేర్చండి. వైట్‌నర్ పూయడం, అంకెపైనే దిద్దడం, కాగితం మార్చడం ఎన్నడూ చేయవద్దు, ఎందుకంటే అది రికార్డును దాచినట్టవుతుంది. కంప్యూటర్ రికార్డులోనైతే పాతది చెరపకుండా సవరణ నమోదు చేయాలి. అయితే దిద్దేలోపే 60 గ్రాముల డైట్ షీటు వంటగదికి చేరి ఉండవచ్చు. వంటగదికీ వార్డు నర్సుకూ వెంటనే స్వయంగా చెప్పి, ఎవరికి ఎప్పుడు చెప్పారో కూడా రాయండి.