శనివారం పొద్దున గ్రౌండుకి పిల్లల్ని ఏం వేసి పంపాలంటే

అమ్మలకీ నాయనలకీ నమస్కారం.

వచ్చే శనివారం నుంచి మన స్కూల్లో ఆరు నుంచి తొమ్మిదో క్లాసు దాకా పిల్లలకి వారానికొకసారి ఫిట్‌నెస్ క్లాసు మొదలు పెడతా ఉన్నాం. పొద్దున ఆరున్నరకి మొదలై ఏడున్నర కల్లా అయిపోతుంది, మన తిరుపతి ఎండ సంగతి మీకు చెప్పేదేముంది, ఎనిమిది దాటితే గ్రౌండు మీద నిలబడలేం కాబట్టే ఆ టైము. మొదటి పది నిమిషాలు వార్మప్, తర్వాత షటిల్ రన్, గెంతడాలు, గుంజీల్లాంటివి, ఆ తర్వాత ఆరొందల మీటర్లు పరిగెత్తగలిగినంత పరిగెత్తి ఆయాసమొస్తే నడవడం, చివర్న స్ట్రెచింగ్. మొదటి నెల టైము చూడం, నాలుగు వారాలు అలవాటయ్యాకే స్టాప్‌వాచ్ తీస్తాం.

దీనికి స్పోర్ట్స్ బట్టలు, షూ వేసి పంపమని చీటీ పంపితే చాలామంది ఫోన్ చేసినారు. ఒకాయన అన్నమాట నాకు బాగా గుర్తుండిపోయింది, "మేడమ్, మేము అలిపిరి నుంచి మూడువేల ఐదొందల యాభై మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్ళం, వీళ్ళకి గంటసేపు ఆడేదానికి షూ ఎందుకు" అని. ఆయన అడిగినదాంట్లో తప్పులేదు, నేనూ ఎక్కినదాన్నే. కానీ కొండెక్కేటప్పుడు మనం నిదానంగా ఒక్కో అడుగు వేస్తాం, ఒక కాలు ఎప్పుడూ మెట్టు మీదే ఉంటుంది. పరిగెత్తేటప్పుడు అట్లా కాదు, రెండు కాళ్ళూ గాల్లోకి లేచి ఒక్క కాలి మీద దిగుతారు, దిగిన ప్రతిసారీ వంటి బరువుకి రెండు మూడింతలు ఆ కాలి మీద పడుతుంది, ముప్పై అయిదు కిలోల పిల్లోడికి డెబ్బై నుంచి నూరు కిలోల దాకా అన్నమాట. పైగా షటిల్ రన్‌లో పది మీటర్లు గట్టిగా పరిగెత్తి గీత దగ్గర టక్కున ఆగి వెనక్కి తిరగాలి, అక్కడే కాలు మెలిపడేది.

ముప్పై ఏండ్లు పీఈటీగా చేసినాను, నేను చూసిన చీలమండ బెణుకుల్లో ఎక్కువ ఆ తిరిగే దగ్గర జరిగినవే. ఒక పిల్లోడి సంగతి చెప్తాను, అప్పుడు వేరే స్కూల్లో ఉన్నాను. ఏడో క్లాసు, కాలికి నాలుగో నంబరు సరిపోతుంది, వాళ్ళమ్మ ఏడాదంతా వస్తాయని జూన్‌లోనే ఆరో నంబరు నల్ల స్కూలు షూ కొనింది. రెండు నంబర్లంటే లోపల ఒకటిన్నర సెంటీమీటరు పైనే ఖాళీ. మూడో రౌండులో గీత దగ్గర తిరిగినాడు, షూ ఆగింది కానీ లోపల కాలు ఆగలేదు, నల్ల షూ అడుగు నున్నగా ఉంటుంది కాబట్టి కింద ఇసకరాళ్ళ మీద అది కూడా జారింది, పాదం లోపలివైపుకి మడతపడి బయటి ఎముక కింద నిమ్మకాయంత వాపు వచ్చింది. నాలుగడుగులు కూడా వెయ్యలేకపోతే ఎక్స్‌రే తియ్యాల్సిందే కాబట్టి వెంటనే తీసుకుపోయినాం, ఎముక విరగలేదు కానీ నెలన్నర ఆటకి రాలేదు. ఆయమ్మ చేసింది ఆదా కోసమే, ప్రతి ఇంట్లో చేసేదే, అందుకే ఇంత వివరంగా చెప్తా ఉన్నాను.

షూ కొనేముందు సాయంత్రం పూట పిల్లోడ్ని గోడకి మడమ ఆనించి తెల్లకాగితం మీద నిలబెట్టండి, కూర్చోబెట్టి కొలవద్దు, నిలబడితేనే పాదం సాగుతుంది. రెండు కాళ్ళకీ గీత గీసి ఏది పొడుగైతే అది లెక్క, బొటనవేలే పొడుగని అనుకోవద్దు, కొందరికి పక్క వేలు పొడుగు. ఆ కాగితం గాంధీ రోడ్డులో ఏ షాపుకి తీసుకుపోయినా సరే, స్పోర్ట్స్ షూ లోపల అట్ట బయటికి తీసి దాని మీద నిలబెట్టండి, వేళ్ళ ముందు ఒక చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ ఉంటే సరైన సైజు, అంతకంటే ఎక్కువ వద్దు. తర్వాత షూని రెండు చేతుల్తో వంచి చూడండి, వేళ్ళు మడిచే చోట వంగాలి, మధ్యలో రెండుగా మడతపడితే అది పరిగెత్తేదానికి పనికిరాదు. మడమ వెనక భాగం నొక్కితే గట్టిగా ఉండాలి. బ్రాండు నేను చూడను, ఇవి మాత్రమే చూస్తాను. ఇంకో మాట, లేసు విప్పకుండా మడమ తొక్కి వేసుకునే అలవాటు మాన్పించండి, ఎంత మంచి షూ అయినా ఆ తొక్కుడుతో రెండు నెలల్లో వెనకభాగం చచ్చిపోతుంది.

బట్టల విషయానికొస్తే యూనిఫారం ప్యాంటు సాగదు. గుంజీలు తీసేటప్పుడు కుట్టు పిగిలితే పక్కనోళ్ళు నవ్వుతారు, వచ్చే శనివారం ఆ పిల్లోడికి తప్పకుండా కడుపునొప్పి వస్తుంది. ఎలాస్టిక్ ఉన్న ట్రాక్ ప్యాంటు, వదులుగా గాలాడే టీషర్టు చాలు. క్లాసు అయినాక ఆ తడిసిన బట్టలు విప్పాల్సిందే, సాయంత్రం నాలుగు దాకా ఒంటి మీదే ఉంచుకుంటే తొడల సందులో ఒరుసుకుపోయి తామర పట్టుకుంటుంది, మన ఊరి ఉక్కకి అది తొందరగా వదలదు. బ్యాగులో ఒక టవలు, పొడి డ్రాయరు, యూనిఫారం పెట్టి పంపండి.

ఇప్పుడు ఆడపిల్లల అమ్మలకి విడిగా ఒక మాట. పరిగెత్తేటప్పుడు చేతులు ఊపకుండా ఎదకి అడ్డం పెట్టుకుని పోయే పిల్లల్ని ఏండ్ల తరబడి చూసినాను, చురుగ్గా ఉండే పిల్ల ఎనిమిదో క్లాసుకొచ్చేసరికి చెట్టు కింద కూర్చుంటుంది, అడిగితే నీరసం అంటుంది. నీరసం కాదమ్మా, లోపల సరైనది లేక సిగ్గు, నొప్పి. స్పోర్ట్స్ బ్రా కొనివ్వండి, వేసుకున్నాక చేతులు పైకెత్తితే కింది పట్టీ పైకి జరక్కూడదు, భుజం పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, పదిసార్లు గెంతమనండి, నొప్పి లేదంటే సరిపోయినట్టే. చున్నీ, గాజులు, కాలి పట్టీలు ఇంట్లోనే పెట్టి పంపండి. తెల్ల ట్రాక్ ప్యాంటు పెడదామని మీటింగులో అన్నారు, నేనే ఒప్పుకోలేదు, నెలసరి రోజుల్లో కూడా పిల్ల భయం లేకుండా రావాలని నేవీ బ్లూ పెట్టించినాను. ఆ రోజుల్లో ఓపిక లేకపోతే నాకు చెయ్యెత్తి చూపిస్తే చాలు, కారణం అడగను.

ఈ నెల కొనలేని ఇబ్బంది ఉంటే మొహమాటం లేకుండా నాకు చెప్పండి. అంతవరకు వాళ్ళకి గడ్డి మీద ఒట్టి కాళ్ళతో ఒంటికాలి బ్యాలెన్సు, స్ట్రెచింగ్ చేయిస్తాను, వాటికి ఒట్టి కాళ్ళే మంచిది కూడా, షటిల్ రన్ మాత్రం షూ వచ్చినాకే. కొన్నవాళ్ళు బిల్లు పారేయకుండా శుక్రవారం సాయంత్రం స్కూలు వదిలే టైముకి షూ తీసుకుని గ్రౌండు దగ్గరికి రండి, బయట తొక్కకముందే చూసి సరిపోకపోతే చెప్తాను, మార్చుకోవచ్చు.

ఇట్లు,
మీ పీఈటీ మేడమ్