స్థలం అమ్మిన డబ్బు: ముందు పన్ను వాటా పక్కన పెట్టండి

"నాన్నగారు 2005లో 4 లక్షలకి కొన్న విజయనగరం ఇంటి స్థలం పోయిన నెల 40 లక్షలకి అమ్మాను. భోగాపురం వైపు ప్లాట్లు కొనేయమని బావ ఒకటే తొందర. ఏం చెయ్యను?"

తమ్ముడూ, ఆ 40 లక్షలూ నీవి కావు. లాభం 36 లక్షలు. దాని మీద 12.5 శాతం, సెస్సుతో కలిపి 4,68,000 పన్ను. పాత ఆస్తి కాబట్టి కొన్న ధరని ధరల సూచీతో పెంచి 20 శాతం లెక్క కూడా వేయించు, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. అంతవరకు ఓ 5 లక్షలు విడిగా ఎఫ్‌డీలో వెయ్యి.

బావ చెప్పని మాట ఒకటుంది. ఖాళీ ప్లాటు కొంటే పన్ను మినహాయింపు రాదు, ఇల్లుండాలి. అమ్మిన రోజు నుంచి రెండేళ్లలో కొనాలి, లేదా మూడేళ్లలో కట్టాలి. మొత్తం మినహాయింపు కావాలంటే లాభం ఒక్కటే కాదు, అమ్మిన సొమ్మంతా అందులో పెట్టాలి. ఇప్పటికే నీకు రెండు ఇళ్లుంటే ఇది వర్తించదు.

అంటే నీకు టైముంది. రిటర్ను గడువులోగా ఇల్లు తేలకపోతే, మిగిలిన సొమ్ము బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి అందులో వెయ్యాలి. మామూలు సేవింగ్స్‌లో ఉంచితే మినహాయింపు పోతుంది. ఇల్లు వద్దనుకుంటే లాభాన్ని ఆరు నెలల్లో ప్రభుత్వ సంస్థల క్యాపిటల్ గెయిన్స్ బాండ్లలో పెట్టొచ్చు, కానీ ఐదేళ్లు కదపలేవు.

బ్యాంకు మునిగితే బీమా 5 లక్షలకే. అందుకని ఎఫ్‌డీలు రెండు మూడు బ్యాంకుల్లో వెయ్యి. బావకి మాత్రం "ఆడిటరు ఇంకా లెక్క తేల్చలేదు" అని చెప్పు, అబద్ధం కూడా కాదు.