గేటు దగ్గర ఆపేశారా? మొదటి కాగితం ఈ రోజే రాయండి

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా ఫ్యాక్టరీలో ఆపరేటర్‌ని. పోయిన వారం రిజైన్ చేయమన్నారు, చేయలేదు. ఇప్పుడు గేటు లోపలికి రానివ్వట్లేదు. ముందు కంపెనీలోనే గ్రీవెన్స్ పెట్టాలా, లేబర్ ఆఫీసుకు వెళ్లాలా, డైరెక్టుగా లేబర్ కోర్టుకే వెళ్లాలా?

లేబర్ ఆఫీసుకు వెళ్లండి, ఈ వారమే. గ్రీవెన్స్ కమిటీని నమ్ముకుని కూర్చోకండి. అది లోపల పని చేస్తున్నవాళ్లకు పనికొస్తుంది. ఓవర్‌టైమ్ ఎగ్గొట్టారు, సెలవు కోసేశారు, ఇంక్రిమెంట్ ఆపారు, ఇలాంటి వాటికి అక్కడ అర్జీ పెడితే కనీసం రాతపూర్వకంగా ఒక జవాబు వస్తుంది. గేటు బయట నిలబడ్డవాడికి ఆ కమిటీ ఏం చేస్తుంది? అందులో సగం మంది మేనేజ్‌మెంట్ మనుషులే.

నా సంగతి చెప్తాను, మీది కూడా ఇంచుమించు ఇదే. 2017 జులైలో జీడిమెట్లలో మా లైన్ మూసేశారు. అప్పటికి నాకు పదకొండేళ్ల సర్వీసు. మా తొమ్మిది మందిని ఒక్కొక్కరినే హెచ్‌ఆర్ రూముకు పిలిచారు. టేబుల్ మీద టైపు చేసిన రాజీనామా ఉంది, 'వ్యక్తిగత కారణాల వల్ల' అని రాసి ఉంది, పక్కనే పెన్ను కూడా పెట్టారు. సంతకం పెడితే సెటిల్‌మెంట్ వస్తుంది, పెట్టకపోతే ఏమీ రాదు అన్నారు. ఏడుగురు పెట్టేశారు, వాళ్లను తప్పుపట్టను, స్కూలు ఫీజులు కట్టే నెల అది. నేనూ ఇంకొకతనూ పెట్టలేదు. మర్నాడు ఎ షిఫ్టుకు ఆరింటికి వెళ్తే పంచింగ్ దాకా కూడా వెళ్లలేకపోయాను, లిస్టులో నీ పేరు లేదన్నాడు సెక్యూరిటీ.

ఇంటికి వచ్చేసి ఏడుస్తూ కూర్చునేవాడినే. మా పాత యూనియన్ అన్న ఫోన్ చేసి, ముందు కాగితం రాయి, మిగతా సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. ఆయన చెప్తుంటే రాసింది ఇది: "ఈ రోజు ఉదయం ఆరు గంటలకు డ్యూటీకి వచ్చాను. గేటు వద్ద సెక్యూరిటీ సిబ్బంది నన్ను లోపలికి అనుమతించలేదు. నేను రాజీనామా చేయలేదు. డ్యూటీ చేయడానికి సిద్ధంగా ఉన్నాను. నన్ను పనిలోకి అనుమతించగలరు." అంతే, ఐదు వాక్యాలు. కోపం లేదు, తిట్లు లేవు. అదే రోజు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పెట్టి పోస్టు చేశాను. నాలుగో రోజుకి కంపెనీ స్టాంపుతో కార్డు తిరిగి వచ్చింది.

ఆ కార్డు విలువ తర్వాత తెలిసింది. నోటి మాటతో గేటు దగ్గర ఆపేసిన కంపెనీ తీసేశామని ఎప్పుడూ ఒప్పుకోదు. 'మేం తీసేయలేదు, అతనే రావడం మానేశాడు' అంటుంది. మీరు వారం రోజులు అయిందంటున్నారు, ఇప్పటిదాకా ఏమీ రాయకపోతే ఆ వారం వాళ్ల చేతికి ఇచ్చినట్టే. ఇంకో వారం ఇవ్వకండి.

తప్పు కూడా చేశాను. హెచ్‌ఆర్ ఫోన్ చేసి 'గ్రీవెన్స్ కమిటీలో పెట్టాం, చూస్తున్నారు, తొందరపడొద్దు' అంటే నమ్మి నెలకు పైగా ఆగాను. ఆ కమిటీ కూర్చోనేలేదు. ఆ నెల రోజుల్లో నాతో పాటు నిలబడ్డ ఇంకొకతను కూడా అప్పు వాళ్ల ఒత్తిడికి తట్టుకోలేక సంతకం పెట్టేశాడు. లోపల అర్జీ పెట్టాలనిపిస్తే పెట్టండి, కానీ దాని జవాబు కోసం బయటి అర్జీ ఆపకండి.

ఇక లేబర్ ఆఫీసు. మన రెండు రాష్ట్రాల్లోనూ అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్, ఆ పైన అసిస్టెంట్ కమిషనర్, ఆ పైన డిప్యూటీ కమిషనర్ ఉంటారు. మీ ఫ్యాక్టరీ ఏ ఆఫీసు పరిధిలోకి వస్తుందో కనుక్కుని ఇన్వర్డ్‌లో అర్జీ ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. బ్యాంకు, ఇన్సూరెన్స్, గనులు లాంటివైతే ఈ ఆఫీసు కాదు, కేంద్ర ప్రభుత్వ లేబర్ కమిషనర్ దగ్గరికి వెళ్లాలి. తెలియక రాష్ట్ర ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగిన బ్యాంకు కాంట్రాక్టు వాళ్లను చూశాను.

చాలామంది అనుకునేది ఏమిటంటే, లేబర్ ఆఫీసర్ కంపెనీని పిలిచి 'వీణ్ని పనిలో పెట్టుకో' అని ఆర్డర్ వేస్తారని. వేయలేరు. రాజీ అధికారి తీర్పు చెప్పే మనిషి కాదు, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి. మరి అక్కడికి ఎందుకు వెళ్లాలి అంటారేమో. కంపెనీ చేత మాట పలికించి కాగితం మీద పెట్టించడానికి. అది నా అనుభవంలో కళ్లారా చూశాను.

మొదటి జాయింట్ మీటింగ్‌కి కంపెనీ నుంచి ఎవరూ రాలేదు. రెండోదానికి హెచ్‌ఆర్, ఒక కన్సల్టెంట్ వచ్చారు. రాజీ దశలో లాయర్లకు చోటు లేదు కాబట్టి కన్సల్టెంట్ పేరుతో వస్తారు. నాతో యూనియన్ అన్న వచ్చాడు. కన్సల్టెంట్ అచ్చం అనుకున్నట్టే మొదలుపెట్టాడు, 'అబ్‌స్కాండ్ అయ్యాడు సార్, మేం తీసేయలేదు, ఇప్పుడొచ్చినా డ్యూటీ ఇస్తాం' అని. నేను ఆ అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు టేబుల్ మీద పెట్టాను. ఆఫీసర్ మేడమ్ దాన్ని తిప్పి తేదీ చూసి, హెచ్‌ఆర్ వైపు తిరిగి, 'డ్యూటీ ఇస్తామన్న మాట రాసుకోనా?' అని అడిగారు. అతను కన్సల్టెంట్ మొహం చూశాడు. మేడమ్ ఇక ఆగలేదు, మినిట్స్‌లో రాసేసి ఇద్దరి సంతకాలు తీసుకున్నారు.

మర్నాడు ఉదయం ఆ మినిట్స్ జిరాక్సు పట్టుకుని ఎ షిఫ్టుకు వెళ్లాను. ఆపేశారు. మళ్లీ అదే ఐదు వాక్యాల కాగితం రాసి పోస్టు చేసి, ఇంకో కాపీ లేబర్ ఆఫీసులో ఇచ్చాను. మీకూ 'వచ్చి చేరు' అంటే తప్పకుండా వెళ్లండి, కోపంతో మానేయకండి. వెళ్లకపోతే వాళ్లు చెప్పింది నిజమైపోతుంది. వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్ చేశామంటే ఆ ఆర్డర్ రాతలో అడిగి, అప్పుడు దాని మీద మాట్లాడండి.

మూడో మీటింగ్‌లో లక్షన్నర ఇస్తామన్నారు, జాలి పడి ఇస్తున్నట్టు. అన్న బయటికి తీసుకెళ్లి టీ కొట్టు దగ్గర అర్జీ కాపీ వెనకే లెక్క వేశాడు. నా బేసిక్, డీఏ కలిపి 13,000. గ్రాట్యుటీ అంటే దాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి, 82,500 వచ్చింది. లైన్ మూసేసి తీసేస్తే ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. నా మొత్తం జీతం 18,000 కాబట్టి అది 99,000. నోటీసు నెల 18,000. కలిపితే 1,99,500. అంటే చట్ట ప్రకారం ఎలాగూ ఇవ్వాల్సిన దాంట్లోనే యాభై వేలు తగ్గించి, పైగా 'ఇక ఏ క్లెయిమూ లేదు' అని రాయించుకోవాలని చూశారు. ఆ లెక్క చూశాక నాకు టెన్షన్ పోయింది, కోపం మాత్రం మిగిలింది. ఒప్పుకోలేదు.

ఎంత ఇస్తే అక్కడే తేల్చుకోవచ్చు అని అడిగితే నా లెక్క ఇది: ఎలాగూ రావాల్సింది పక్కన పెట్టి, దాని మీద కనీసం ఏడాది జీతం ఇస్తామంటే రాజీ పడండి. కానీ ఆఫీసర్ ముందే రాసుకోండి. అక్కడ సంతకాలైన ఒప్పందం ప్రకారం డబ్బు ఇవ్వకపోతే, ప్రభుత్వం శిస్తు బకాయిలాగా వసూలు చేయించే వీలుంది. హెచ్‌ఆర్ రూములో సంతకం పెట్టిన ఏడుగురిలో ఇద్దరికి తర్వాతి తేదీ వేసిన చెక్కులు ఇచ్చారు, రెండూ బౌన్స్ అయ్యాయి.

రాజీ కుదరలేదు కాబట్టి లేబర్ కోర్టుకు వెళ్లాను. అప్పటి చట్టంలో రాజీ అధికారికి అర్జీ ఇచ్చి 45 రోజులు దాటితే మనమే నేరుగా కోర్టులో వేసుకోవచ్చు, తీసేసిన మూడేళ్ల లోపు. అక్టోబరులో వేశాను. కోర్టు అంటే వాయిదాలు, అది మాత్రం ముందే తెలుసుకుని వెళ్లండి. నాకు 2021 దాకా పట్టింది, మధ్యలో కరోనాతో కోర్టులే నడవలేదు. కంపెనీ లాయర్ క్రాస్‌లో 'ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నావు, ఎంత వస్తుంది' అనే గంటసేపు అడిగాడు, వేరే సంపాదన ఉంటే పాత జీతం బకాయి తగ్గించవచ్చు కాబట్టి. వర్క్‌షాపులో పదకొండు వేలకు చేస్తున్నానని ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఇంకో వాదన, నా ఐడీ కార్డు మీద 'లైన్ ఇన్‌ఛార్జ్' అని ఉంది కాబట్టి కార్మికుడినే కాదని. ఆ హోదా ఇచ్చినప్పుడు జీతం పైసా పెంచలేదు, నాకు దీని మీద ఇప్పటికీ మంట. పేరు కాదు, రోజూ చేసే పని ఏమిటన్నదే లెక్క. నేను మెషీన్ నడిపినట్టు సంతకాలున్న ప్రొడక్షన్ షీట్ల జిరాక్సులు నా దగ్గర ఉన్నాయి. మీ దగ్గర ఏమున్నాయో ఇప్పుడే వెతకండి, లోపల ఉండిపోయినవి మళ్లీ దొరకవు. చివరికి లోక్ అదాలత్‌లో గ్రాట్యుటీ కాకుండా 3,60,000, అంటే ఇరవై నెలల జీతం, ఇచ్చి ముగించారు. ఉద్యోగం రాలేదు.

మీ విషయంలో చట్టం మారింది, అది గమనించండి. 2025 నవంబరు 21 నుంచి ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ అమల్లోకి వచ్చింది. రాజీకి వెళ్లే గడువు ఇప్పుడు రెండేళ్లే. రాజీ కుదరలేదన్న రిపోర్టు మీకు అందిన తర్వాత, లేబర్ కోర్టు బదులు వచ్చిన ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి 90 రోజులే. రిపోర్టు అందిన రోజే క్యాలెండర్ మీద తేదీ రాసుకోండి. రాజీ మెట్టు ఎక్కకుండా డైరెక్టుగా వెళ్లాలన్న మీ మూడో దారి అందుకే కుదరదు.

ఇంకొక్క మాట, గ్రాట్యుటీ గురించి. డబ్బు అవసరమై ఇప్పుడే అడుగుతూ కాగితం రాస్తే, తీసేసినట్టు మీరే ఒప్పుకున్నారని వాదిస్తారు. రాయక తప్పకపోతే 'ఉద్యోగం కోసం నేను చేస్తున్న క్లెయిమును వదులుకోకుండా' అన్న మాట మొదటి వాక్యంలోనే పెట్టండి. మీ సర్వీసు తొమ్మిదేళ్లు, ఆ లెక్క ఎక్కడికీ పోదు. పని చేసిన రోజుల జీతం మాత్రం వెంటనే అడగవచ్చు, దానికి వేరే అర్జీ ఇవ్వండి, రెండూ ఒకే కాగితంలో కలిపితే ఆఫీసులో ఏ సెక్షన్‌కీ చెందకుండా పడి ఉంటుంది.

రేపు మీ షిఫ్టు టైముకే గేటుకు వెళ్లండి. ఆపితే సాయంత్రం లోపు ఆ ఐదు వాక్యాలు పోస్టులో ఉండాలి.