తలంబ్రాల ఫోటో మసకగా వస్తోంది... కెమెరా కొనాలా, ఫోన్ మార్చాలా?

ప్రశ్న: నా దగ్గర గెలాక్సీ ఎస్24 ఉంది. మా ఇళ్లలో పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ, టూర్లకు వెళ్లినప్పుడూ ఫోటోలు నేనే తీస్తుంటాను. పగలు తీసినవి బ్రహ్మాండంగా ఉంటాయి. రాత్రి ముహూర్తాలప్పుడు, ముఖ్యంగా తలంబ్రాల ఫోటోలు మసకగా వస్తున్నాయి. మాఘమాసంలో మా అన్నయ్య కూతురి పెళ్లి ఉంది. కెనాన్ ఆర్50 మిర్రర్‌లెస్ కెమెరా కిట్ లెన్స్‌తో తీసుకోమంటారా, ఇంకా కొత్త ఫోన్‌కి మారమంటారా?
– ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కిట్ లెన్స్ ఒక్కదానితోనే సరిపెట్టుకునేట్టయితే రెండూ వద్దు, ఉన్న ఫోన్ చాలు. ఆర్50కి తోడు 50ఎంఎం f/1.8 లెన్స్ కూడా కొనగలిగితే మాత్రం తీసుకోండి. ఫోన్ మార్చే ఆలోచన అయితే మానేయండి.

డబ్బు తీసే ముందు ఒక పని చేయండి. పోయిన పెళ్లిలో పాడైన ఫోటోలు ఓ పదింటిని గూగుల్ ఫోటోస్‌లో తెరిచి, వేలితో పైకి జరపండి. కింద `f/2.4 1/30 7mm ISO1600` లాంటి వరస ఒకటి కనిపిస్తుంది. అందులో రెండోది షట్టర్ స్పీడ్. అది 1/30, 1/25 అలా ఉండి, వెనక అరటి బోదెలు స్పష్టంగా ఉన్నా పెళ్లికూతురి చేయి మాత్రం సాగినట్టు కనిపిస్తే, అక్కడ వెలుగు చాలలేదని అర్థం. ఇలాంటి ఫోటోని కెమెరా బాగుచేయగలదు. మొత్తం ఫ్రేమంతా ఒకే వైపు సాగి ఉంటే వణికింది మీ చేయి. 1/200 దాటినా మసకగా ఉంటే ఫోకస్ తప్పింది, లేదా లెన్స్ మీద పసుపో నూనో అంటుకుంది. పెళ్లిలో ఇది మనం అనుకున్న దానికంటే ఎక్కువే జరుగుతుంది. చొక్కా అంచుతో తుడిస్తే పోయేదానికి కెమెరా ఎందుకు?

అదే వరసలో `7mm` అన్న అంకె కూడా చూడండి. మీ ఫోన్‌లో 3ఎక్స్ జూమ్ లెన్స్ అసలు పొడవు, అంటే ఫోకల్ లెంగ్త్ అది. మెయిన్ కెమెరాది `5.4mm`. మీరు 3ఎక్స్ నొక్కి తీసిన మండపం ఫోటోలో 5.4 అని ఉంటే, వెలుగు తక్కువైందని ఫోన్ తనంతట తానే జూమ్ లెన్స్‌ని పక్కనపెట్టి, మెయిన్ కెమెరా బొమ్మని కత్తిరించి పెద్దది చేసిందన్నమాట. చాలా ఫోన్లు ఇలా చేస్తాయి, తెర మీద మాత్రం 3ఎక్స్ అనే చూపిస్తాయి. ఫోటో తీసే ముందే తెలియాలంటే జూమ్ లెన్స్ మీద వేలు పెట్టండి. తెర చీకటి కాకపోతే అది వాడకంలో లేనట్టే.

ఇక అసలు సంగతి. రెండు లెన్సులు ఒకే చోటి నుంచి ఒకే ముఖాన్ని చూస్తుంటే, దేనికి ఎక్కువ వెలుగు అందుతుందో చెప్పడానికి మెగాపిక్సెళ్లు పనికిరావు. లెన్స్ కన్ను ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో చూడాలి. ఆ లెక్క చిన్నదే. లెన్స్ పొడవుని `f/` పక్కనున్న అంకెతో భాగించాలి. మీ ఫోన్ మెయిన్ కెమెరాకి 5.4ని 1.8తో భాగిస్తే 3 మిల్లీమీటర్లు. 3ఎక్స్ లెన్స్‌కి 7ని 2.4తో భాగిస్తే 2.9. ఆర్50తో వచ్చే 18-45 కిట్ లెన్స్‌ని బాగా వెడల్పుగా పెడితే 18ని 4.5తో భాగించాలి, అంటే 4 మిల్లీమీటర్లు.

అంటే, వేలకు వేలు పోసి కొన్న కెమెరా కన్ను ఫోన్ కన్ను కంటే ఒక్క మిల్లీమీటరు పెద్దది. వైశాల్యం లెక్కన చూసినా వెలుగు రెట్టింపు కూడా రాదు. ఆ కాస్త తేడానీ ఫోన్ ఐదారు ఫోటోలు గబగబా తీసి, కలిపేసి పూడ్చేస్తుంది. కొత్త కెమెరా ఇంటికి తెచ్చి హాల్లో ట్యూబ్‌లైట్ కింద రెండు ఫోటోలు తీసి, 'దీనికన్నా నా ఫోనే నయం' అని పెదవి విరిచేవాళ్లు పొరపాటేం పడటం లేదు. కిట్ లెన్స్ 45 దగ్గర పెడితే `f/` అంకె 6.3 అవుతుంది కాబట్టి 7 మిల్లీమీటర్లు వస్తుంది, మీ 3ఎక్స్ లెన్స్‌తో పోలిస్తే సుమారు ఆరు రెట్ల వెలుగు. అది నయమే కానీ ముహూర్తానికి చాలదు.

ఇప్పుడు 50ని 1.8తో భాగించండి. దాదాపు 28 మిల్లీమీటర్లు! 2.9 పక్కన 28. వైశాల్యంలో ఇది దగ్గర దగ్గర తొంభై రెట్లు. కొత్త ఫోన్ వద్దన్నదీ ఇందుకే. ఎంత ఖరీదైన ఫోనైనా జేబులో పట్టాలి కాబట్టి, అంత కన్ను పెట్టడానికి దాని ఒంట్లో చోటు లేదు. ఫోటోలు కలిపి పూడ్చే ఉపాయం కదలని వాటి దగ్గరే పారుతుంది. గోపురం, బొర్రా గుహల్లో రాళ్లు, దీపాల వరస ఓపిగ్గా నిలబడతాయి. తలంబ్రాలు నిలబడవు. ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉన్న బియ్యపు గింజని ఫోన్ 'ఇది మచ్చేమో' అనుకుని చెరిపేస్తుంది, లేదా తెల్లటి గీతగా మిగులుస్తుంది. మీ ఫోటోని పెద్దది చేసి చూడండి. పెళ్లికొడుకు దోసిలి ఎత్తి ఉంటుంది, గాల్లో గింజలు సగం కూడా ఉండవు.

మన పెళ్లిళ్లలో ఇంకో చిక్కుంది. ముహూర్తం వేళకి మండపం ముందు చోటంతా కిరాయికి వచ్చిన ఫోటోగ్రాఫర్లదీ వీడియో వాళ్లదీ. ఇంటివాళ్లైనా మనం నాలుగైదు మీటర్ల అవతల, పెద్దత్తయ్య కుర్చీ పక్కన సర్దుకోవాల్సిందే. ఆర్50 మీద 50ఎంఎం లెన్స్ సుమారు 80ఎంఎం అంత దగ్గరగా చూపిస్తుంది కాబట్టి, ఆ దూరం నుంచి ఇద్దరి నడుము పై భాగం ఫ్రేములో నిండుగా వస్తుంది. పైగా వీడియో వాళ్ల లైటు వెలుగు మనకీ దక్కుతుంది. వాళ్లు లైటు ఆర్పేసి బ్యాటరీ మార్చుకునే ఆ రెండు నిమిషాల్లోనే అడ్డుతెర తీస్తారనుకోండి, అప్పుడు 28 మిల్లీమీటర్ల విలువ తెలుస్తుంది.

సెట్టింగ్ ఒక్కటి నేర్చుకుంటే చాలు. డయల్‌ని `M` మీద పెట్టి, ISO మాత్రం `AUTO`లో వదిలేసి, దాని గరిష్ఠ పరిమితి 6400 చేయండి. లెన్స్ కన్ను తెరుచుకునే ఎపర్చర్ f/2.2, షట్టర్ 1/250. తలంబ్రాలు మొదలవగానే షట్టర్ 1/500కి పెంచి, బర్స్ట్‌లో తీయండి. ఫోటోలో కాస్త ఇసుక చల్లినట్టు నలుసులు కనిపిస్తాయి, పట్టించుకోకండి. నలుసులున్న స్పష్టమైన ముఖం అచ్చులో బాగానే ఉంటుంది, నున్నటి మసక ముఖాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఈ కెమెరా బాడీలో గానీ ఆ 50ఎంఎం లెన్స్‌లో గానీ చేతి వణుకుని సర్దే ఏర్పాటు లేదు. జీలకర్ర-బెల్లం లాంటి కదలని ఘట్టంలోనూ 1/125 కంటే కిందికి దిగకండి.

f/1.8 ఉంది కదా అని ఎప్పుడూ దాన్నే పెట్టకండి. మూడు మీటర్ల దూరంలో అలా తీస్తే స్పష్టంగా ఉండే లోతు జానెడు కంటే కాస్త ఎక్కువ, అంతే. వధూవరులు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మీరు సరిగ్గా పక్క నుంచి తీస్తే ఇద్దరూ ఒకే దూరంలో ఉంటారు, ఫర్వాలేదు. కాస్త మూలకి జరిగారంటే పెళ్లికూతురి కళ్లు స్పష్టం, పెళ్లికొడుకు బాసికం మబ్బు.

సైలెంట్ మోడ్ జోలికి పోకండి. పురోహితుడు మంత్రాలు చదువుతుంటే టిక్కుటిక్కుమనడం మర్యాద కాదని ఓసారి మా బంధువుల పెళ్లిలో నేను ఆ మోడ్ పెట్టాను. అలంకరణ అంతా ఎల్ఈడీ లైట్లే. ఇంటికొచ్చి చూస్తే ప్రతి ఫోటోలోనూ అడ్డంగా నల్లటి చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చౌక ఎల్ఈడీలు సెకనుకి వందసార్లు మినుకుతాయి. పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్ బొమ్మని పైనుంచి కిందికి వరసలుగా చదివేలోపు వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. మామూలు షట్టర్‌తో ఈ బెడద బాగా తగ్గుతుంది. అప్పటికీ చారలు కనిపిస్తే, ఇందాక చెప్పిన 1/125 హద్దుని అప్పుడు మాత్రం పక్కనపెట్టి 1/100కి దిగండి.

గ్రూపు ఫోటోలు మాత్రం ఫోన్‌తోనే తీయండి. మూడు వరసల్లో పాతికమంది నిలబడితే ఫోన్ మెయిన్ కెమెరాలో ముందు వరసలో పసివాడి నుంచి వెనక వరసలో బాబాయి వరకు అందరూ స్పష్టంగా వస్తారు. స్టేజీ లైట్లు వెనక నుంచి కొడుతున్నా ముఖాలు నల్లబడవు. అయితే పోర్ట్రెయిట్ మోడ్‌తో జాగ్రత్త. జడలోంచి వేలాడే మల్లెపూల అంచుల్నీ, జుంకాల మధ్య ఖాళీల్నీ ఫోన్ ఇప్పటికీ సరిగ్గా కత్తిరించలేదు. లెన్స్‌తో వచ్చే మసకకి ఆ బాధ లేదు.

టూర్ల సంగతికి వస్తే, అరకు వెళ్లినా గండికోట వెళ్లినా పగటి దృశ్యాలకి కెమెరా సంచిలోంచి తీయబుద్ధి కూడా కాదు. గండికోట లోయలో సాయంత్రం ఎండ, కింద నీడలో పెన్న రెండూ ఒకే ఫోటోలో రావాలంటే ఫోన్ ఒక్క నొక్కుతో ఇస్తుంది. కెమెరాతో అయితే `RAW` ఫైల్ తీసి ఇంట్లో కూర్చుని సర్దుకోవాలి. ఆ కూర్చోవడం మీకు సరదా అయితే సరే. టూర్‌లో కెమెరా అక్కరకొచ్చేది మనుషుల దగ్గర, చీకటి పడ్డాక. థింసా ఆడేవాళ్లు, టీకొట్టు దగ్గర పొయ్యి వెలుగులో ముఖాలు... వీటికి ఆ 50ఎంఎం లెన్సే పెట్టుకుని వెళ్లండి. కెమెరా, లెన్స్ కలిపి సుమారు 535 గ్రాములు.

ఫోటోలు పంచేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించేస్తుంది, మీ కష్టమంతా అక్కడే పోతుంది. ఆల్బమ్‌కి వేయించాల్సినవి `Document`గా పంపండి, లేదా గూగుల్ ఫోటోస్ లింక్ ఇవ్వండి.

పెళ్లికి కనీసం నెల ముందు కెమెరా చేతికి వచ్చేలా చూసుకోండి. ఓ రాత్రి ఇంట్లో ఒక్క లైటు వేసి, పిల్లలిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, చెరో దోసెడు బియ్యం ఇవ్వండి. మీరు నాలుగు మీటర్ల దూరంలో నిలబడి 1/250తో ఓసారి, 1/500తో ఓసారి తీసి, గాల్లో గింజలు లెక్కపెట్టగలుగుతున్నారేమో చూడండి. స్పేర్ బ్యాటరీ కూడా అప్పుడే కొనేయండి.